చీల్చినా శక్తే, కలిపినా శక్తే

1938 డిసెంబరు. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్, కుంగెల్వ్ అనే ఊళ్ళో క్రిస్మస్ సెలవులు గడుపుతోంది. బెర్లిన్ నుంచి పాత సహచరుడు ఆటో హాన్ రాసిన ఉత్తరం ఆమె చేతిలో ఉంది. యురేనియం మీదికి న్యూట్రాన్లను వదిలితే బేరియం కనిపిస్తోందని, కారణం తెలియడం లేదని ఆయన రాశాడు. మైట్నర్, ఆమె అక్క కొడుకు ఆటో ఫ్రిష్ మంచులో నడుస్తూ మాట్లాడుకున్నారు. దారిలో ఓ దుంగ మీద కూర్చుని లెక్క వేశారు.

యురేనియం కేంద్రకం రెండుగా చీలిందనుకుందాం. రెండు ముక్కల్లోనూ ధనావేశమే ఉంది కాబట్టి అవి ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. ఆ నెట్టుడుకు దాదాపు 200 ఎంఈవీ, అంటే 20 కోట్ల ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తి వస్తుంది. మరి అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కేంద్రకాల ద్రవ్యరాశులు మైట్నర్‌కు కంఠతా వచ్చు. రెండు ముక్కల్నీ కలిపి తూచినా మొదటి కేంద్రకం కన్నా ప్రోటాన్ బరువులో ఐదో వంతు తక్కువే ఉంటాయని ఆమె తేల్చింది. ఆ ఐదో వంతును E = mc² లో పెడితే మళ్ళీ దాదాపు 200 ఎంఈవీయే వచ్చింది. రెండు దారుల్లో వెళ్ళిన లెక్కలు ఒకే చోట కలిశాయి.

ఇందులో చిత్రమేమిటంటే, ఏ కణమూ పోలేదు. చీలికకు ముందు ఎన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉన్నాయో తర్వాతా అన్నే ఉన్నాయి. అయినా బరువు తగ్గింది. దీన్ని హీలియం దగ్గర చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

హీలియం కేంద్రకంలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉంటాయి. పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో ప్రోటాన్ 1.00728, న్యూట్రాన్ 1.00867. విడివిడిగా తూచి కూడితే నాలుగూ కలిపి 4.03190. కానీ అసలు కేంద్రకం 4.00151 మాత్రమే. తగ్గిన 0.03039 ప్రమాణాలే ద్రవ్యరాశి లోపం. ఒక ప్రమాణం 931.5 ఎంఈవీకి సమానం కాబట్టి, ఇది 28.3 ఎంఈవీ. ఇదే హీలియం బంధన శక్తి. ఇక్కడో తిరకాసు ఉంది. ఆవర్తన పట్టికలో ఉండే 4.0026 అనేది ఎలక్ట్రాన్లతో సహా మొత్తం పరమాణువు బరువు. దాన్ని వాడితే జవాబు 27.3 వస్తుంది. ఒక ఎంఈవీ తగ్గిందంటే, రెండు ఎలక్ట్రాన్ల బరువును మరిచిపోయారన్న మాట.

బంధన శక్తి అనగానే కేంద్రకంలో దాచి ఉంచిన నిధి అనుకుంటారు చాలామంది. నిజం దానికి పూర్తిగా తలకిందులు. అది కణాలు కలిసినప్పుడే బయటికి వెళ్ళిపోయిన శక్తి. మళ్ళీ వాటిని విడదీయాలంటే మనం పెట్టాల్సిన ఖర్చు. బావిలోకి చేద దానంతటదే దిగుతుంది, పైకి తోడాలంటే మాత్రం చేతులు నొప్పి పుడతాయి. బంధన శక్తి ఎక్కువంటే బావి లోతు ఎక్కువని.

ఈ లోతు అన్ని కేంద్రకాలకూ ఒకేలా ఉండదు. ఒక్కో కణం వాటాకు చూస్తే హీలియంలో 7.1 ఎంఈవీ, ఇనుము పరిసరాల్లో గరిష్ఠంగా 8.8, యురేనియం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ 7.6. ఇనుముకు అటు ఉన్న బరువైన కేంద్రకాలు చీలినా, ఇటు ఉన్న తేలిక కేంద్రకాలు కలిసినా లోతు వైపే దిగుతాయి. దిగినప్పుడల్లా శక్తి వస్తుంది. విచ్ఛిత్తికీ, సంలీనానికీ కారణం ఒక్కటే. ఇనుమును చీల్చినా, రెండు ఇనుప కేంద్రకాలను కలిపినా మనకే ఎదురు ఖర్చు.

సంలీనం లెక్క చూద్దాం. హైడ్రోజన్ సోదరులైన డ్యుటీరియం బంధన శక్తి 2.2 ఎంఈవీ, ట్రిటియంది 8.5. అవి కలిస్తే 28.3 ఉన్న హీలియం, ఒక విడి న్యూట్రాన్ వస్తాయి. తేడా 17.6 ఎంఈవీ. విచ్ఛిత్తిలో వచ్చే 200తో పోల్చి, సంలీనం చిన్నదని రాసి మార్కులు పోగొట్టుకునే వాళ్ళున్నారు. ఒక్కో చర్యకు చూస్తే విచ్ఛిత్తిదే పైచేయి. కానీ 17.6 వచ్చింది ఐదు కణాల నుంచే, 200 వచ్చింది 236 కణాల నుంచి. కిలో ఇంధనానికి చూస్తే సంలీనం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ ఇస్తుంది.

అయితే విద్యుత్ కేంద్రాలన్నీ ఇప్పటికీ విచ్ఛిత్తి మీదే ఎందుకు నడుస్తున్నాయి? యురేనియంలోకి వెళ్ళే న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, ఎవరూ దాన్ని అడ్డుకోరు. పైగా ప్రతి చీలికా కొత్త న్యూట్రాన్లను ఇస్తుంది, గొలుసు సాగుతుంది. సంలీనంలో మాత్రం రెండు కేంద్రకాలూ ధనావేశంతోనే ఎదురవుతాయి. ఆ వికర్షణను దాటి దగ్గర చేయాలంటే ఇంధనాన్ని 10 కోట్ల డిగ్రీలకు పైగా వేడి చేసి, ఏ గోడకూ తగలకుండా పట్టి ఉంచాలి. లేదా లేజర్లతో క్షణంలో నలిపేయాలి. 2022 డిసెంబరులో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఈ రెండో దారిలో వెళ్ళి, 2.05 మెగాజూళ్ళ లేజర్ కాంతికి 3.15 మెగాజూళ్ళు రాబట్టింది. ఆ కాంతిని పుట్టించడానికి లేజర్లు కరెంటు లైను నుంచి లాగింది మాత్రం సుమారు 300 మెగాజూళ్ళు.