రెండు లోహాల కడ్డీలో మెలిక ఎవరి వాటా?

ఒక మీటరు ఉక్కు కడ్డీని, అంతే పొడవున్న ఇత్తడి కడ్డీని కొసకు కొస అతికించారు. రెండింటి వ్యాసం 50 మిల్లీమీటర్లే. బయటి కొసలు రెండూ గోడల్లో బిగించి, అతుకు దగ్గర 900 న్యూటన్-మీటర్ల టార్క్‌తో మెలితిప్పారు. ఏ గోడ ఎంత భారం మోస్తుంది?

రెండు గోడల ప్రతిఘటన కలిపితే 900 అని మాత్రమే సమతౌల్యం చెబుతుంది. తెలియనివి రెండు, సమీకరణం ఒకటే. రెండో ఆధారం అతుకులోనే ఉంది: అక్కడ ఉక్కు ఎంత కోణం తిరిగితే ఇత్తడీ అంతే తిరగాలి, లేదంటే అతుకు ఊడినట్టే. ఉక్కు షియర్ మాడ్యులస్ సుమారు 80 గిగాపాస్కల్స్, ఇత్తడిది దాదాపు 40. అదే కోణం తిప్పడానికి ఉక్కుకు రెట్టింపు టార్క్ కావాలి కాబట్టి ఉక్కు వైపు 600, ఇత్తడి వైపు 300 పడతాయి. అతుకు తిరిగేది 0.7 డిగ్రీలు.

ఇత్తడి పొడవును సగానికి తగ్గిస్తే వాటాలు చెరి 450 అవుతాయి. పొట్టి ముక్క బిగుసుకుని ఎక్కువ భారం లాక్కుంటుంది. ఇది చాలామంది ఊహకు విరుద్ధం.

అసలు ప్రమాదం గోడ దగ్గర ఉంది. మొదటి అమరికలో ఇత్తడి కొస అర డిగ్రీ జారితే చాలు, దాని వాటా 157కు పడిపోయి ఉక్కుపై 743 పడుతుంది. అందుకే లెక్క నమ్మేముందు బిగింపు దగ్గర గీత గీసి, భారం వేశాక అది జరిగిందేమో చూడండి.