ఐదింటిలో రెండోది ఎక్కడ?

కంప్యూటర్ 0కీ 1కీ మధ్య ఐదు యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చింది. ఎక్కడ పడడానికైనా సమాన అవకాశమే. ఒకదానికి మరొకదానితో సంబంధం లేదు. వరుసలో పేర్చితే రెండో చిన్నది ఎక్కడుంటుంది? లెక్కపెడితే చాలు, తెలిసిపోతుంది.

అది 0.3 దగ్గర, 0.01 వెడల్పున్న సన్నని ముక్కలో ఉందనుకుందాం. అప్పుడు ఒక సంఖ్య దానికి ఎడమన, మూడు కుడిన ఉండాలి. ముక్కలో పడేది ఐదింటిలో ఏదైనా కావచ్చు, ఎడమన పడేది మిగతా నాలుగింటిలో ఏదైనా కావచ్చు. అంటే 5×4=20 విధాలు. ఒక్కో విధానికి సంభావ్యత దాదాపు 0.01×0.3×0.7×0.7×0.7. ఇరవైతో గుణిస్తే సుమారు 0.02, అంటే నూటికి రెండు.

రెండు సంఖ్యలు ఒకే ముక్కలో పడితే? ముక్కను సన్నం చేసేకొద్దీ ఆ అవకాశం లెక్కలోకి రానంతగా తగ్గిపోతుంది.

0.3 స్థానంలో x పెడితే సాంద్రత 20x(1−x)³. ఇదే బీటా(2, 4) విభాజనం. n సంఖ్యల్లో k-వ చిన్నదానికి ఎడమన k−1, కుడిన n−k ఉంటాయి కనుక బీటా(k, n−k+1) వస్తుంది, సగటు k/(n+1).

మన ఉదాహరణలో సగటు 1/3. స్వతంత్రత పోతే ఈ లెక్క చెల్లదు: ఐదూ ఒకే సంఖ్యకు నకళ్లయితే సగటు 1/2కి జరుగుతుంది.