గాలిలో నిలిచే ఇనుప గుండు: మూడు ధ్రువాలను కోరిన చోట నిలపడం

విద్యుదయస్కాంతం కింద ఇనుప గుండు ఏ ఆధారమూ లేకుండా నిలవాలంటే, పైకి లాగే బలం గుండు బరువుకు సరిగ్గా సమానం కావాలి. అలాంటి స్థానం ఒకటి ఉంటుంది. కానీ గుండు అక్కడ నిలవదు. వెంట్రుకవాసి కిందికి జారితే అయస్కాంతానికి దూరం పెరిగి, లాగే బలం తగ్గి, ఇంకా జారుతుంది. వెంట్రుకవాసి పైకి కదిలితే బలం పెరిగి, వెళ్లి అయస్కాంతానికి అతుక్కుంటుంది. కరెంటు మారకుండా ఉన్నంతసేపూ ఈ రెండిట్లో ఒకటి జరిగి తీరుతుంది. గుండు కదలికను క్షణక్షణం కొలుస్తూ, దానికి తగ్గట్టు కాయిల్ వోల్టేజీని మారుస్తూ ఉంటేనే అది గాలిలో నిలుస్తుంది. ఎంత కదిలితే ఎంత వోల్టేజీ మార్చాలో లెక్కగట్టే పద్ధతుల్లో ఒకటి ధ్రువాల అమరిక. ఇంజనీరింగ్ తరగతుల్లో దీన్ని పోల్ ప్లేస్‌మెంట్ అంటారు.

ఒక గుండును తీసుకుందాం. సమతౌల్యంలో అది అయస్కాంతానికి 21.8 మిల్లీమీటర్ల దిగువన ఉంటుంది. అప్పుడు కాయిల్‌లో పారే కరెంటు 0.981 ఆంపియర్లు. కాయిల్ నిరోధం 10 ఓములు, ఇండక్టెన్స్ 0.2 హెన్రీలు. కాబట్టి మామూలుగా ఇవ్వాల్సిన వోల్టేజీ 9.81. ఇక్కణ్నుంచి లెక్కలోకి వచ్చేవి అసలు విలువలు కావు, వాటినుంచి జరిగిన తేడాలు మాత్రమే. గుండు కిందికి జారిన దూరం x (మీటర్లలో), దాని వేగం w, కరెంటులో తేడా i, అదనంగా ఇచ్చే వోల్టేజీ v. ఏ క్షణానైనా మొదటి మూడూ తెలిస్తే వ్యవస్థ పరిస్థితి మొత్తం తెలిసినట్టే. అందుకే వాటిని స్థితి చరరాశులు అంటారు. మూడు ఉన్నాయి కాబట్టి ఇది మూడో తరగతి వ్యవస్థ.

లాగే బలం కరెంటు వర్గానికి అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా మారుతుంది. సమతౌల్యానికి దగ్గరలో ఈ వంపు సంబంధాన్ని సరళరేఖగా తీసుకోవచ్చు. అలా తీసుకుంటే మూడు సమీకరణాలు వస్తాయి (అక్షరం పక్కన ఉన్న ' గుర్తు మార్పు రేటుకు సంకేతం):

```
x' = w
w' = 900 x - 20 i
i' = -50 i + 5 v
```

ఇందులో 900 అనేది 2g ని 0.0218తో భాగిస్తే వచ్చింది, 20 అదే 2g ని 0.981తో భాగిస్తే వచ్చింది. 50 అంటే నిరోధం బై ఇండక్టెన్స్. గుండు కదలడం వల్ల కాయిల్‌లో పుట్టే కొద్దిపాటి వోల్టేజీని ఇక్కడ వదిలేశారు. గుండు బరువు ఈ సమీకరణాల్లో నేరుగా ఎక్కడా కనిపించదు. సమతౌల్యంలో కరెంటు, దూరం ఎంతో చెప్పగానే బరువు సంగతి వాటిలోనే ఇమిడిపోయింది.

ఇప్పుడు ధ్రువం సంగతి. ఇలాంటి వ్యవస్థను కొద్దిగా కదిపి వదిలితే ఆ కదలిక e^(pt) రూపంలో ఉన్న కొన్ని భాగాల మొత్తంగా ఉంటుంది. ఆ p విలువలే ధ్రువాలు. p రుణసంఖ్య అయితే ఆ భాగం కాలంతో కరిగిపోతుంది, ధనసంఖ్య అయితే పెరిగిపోతుంది. సంకీర్ణ సంఖ్యల జత అయితే ఊగిసలాట ఉంటుంది. అప్పుడు వాస్తవ భాగం ఊగు ఎంత త్వరగా చల్లారుతుందో, కల్పిత భాగం ఎంత వేగంగా ఊగుతుందో చెబుతాయి. ఈ ధ్రువాలు ఒక బహుపదికి మూలాలు. దాన్ని లాక్షణిక బహుపది అంటారు. మన గుండుకు వోల్టేజీని ముట్టుకోకుండా వదిలేస్తే ఆ బహుపది (s² − 900)(s + 50), అంటే ధ్రువాలు +30, −30, −50. ఆ +30 ఒక్కటి చాలు. ఒక మిల్లీమీటరు జరిపి వదిలిన గుండు, ఈ సమీకరణాల ప్రకారం, సెకనులో పదోవంతులోనే సుమారు 10 మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

దీన్ని ఆపడానికి మూడు స్థితి చరరాశులనూ కొలిచి, ఒక్కోదాన్ని ఒక్కో గుణకంతో హెచ్చించి, ఆ మొత్తానికి గుర్తు మార్చి వోల్టేజీగా ఇస్తారు. ఇదే స్థితి ఫీడ్‌బ్యాక్.

```
v = -(k1 x + k2 w + k3 i)
```

k1, k2, k3 ఎంతెంత ఉండాలన్నదే ప్రశ్న. జవాబుకు ముందు ధ్రువాలు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి. గుండు సెకనులో ఏడెనిమిదో వంతులో కుదురుకోవాలి, ఎక్కువగా ఊగకూడదు అనుకుంటే −30 ± 30j జత బాగా కుదురుతుంది. మూడో ధ్రువం వీటికంటే త్వరగా కరిగిపోతే చాలు కాబట్టి దాన్ని −60 దగ్గర పెట్టవచ్చు. కాయిల్ సొంత ధ్రువం −50 అక్కడికి దగ్గరలోనే ఉంది. దాన్ని ఎంతో దూరం ఈడ్చే పని లేదు. ఈ మూడింటినీ మూలాలుగా చేసుకుని గుణిస్తే కోరుకున్న బహుపది వస్తుంది:

```
(s² + 60 s + 1800)(s + 60) = s³ + 120 s² + 5400 s + 108000
```

ఇక రెండోవైపు, ఫీడ్‌బ్యాక్ పెట్టాక వ్యవస్థకు వచ్చే బహుపదిని k లతో రాయాలి. మార్పు రేటు ఉన్నచోటల్లా s తో గుణకారం అనుకుంటే w అంటే sx. రెండో సమీకరణం s²x = 900x − 20i అవుతుంది, దాన్నుంచి i ని x రూపంలో తెచ్చుకోవచ్చు. దాన్ని మూడో సమీకరణంలో పెట్టి, 50 + 5k3 కు పొట్టిగా a అని పేరు పెడితే మిగిలేది ఇది:

```
s³ + a s² - (900 + 100 k2) s - (900 a + 100 k1)
```

రెండు బహుపదులూ ఒకటే కావాలంటే s తాలూకు ఒక్కో ఘాతం ముందున్న గుణకం రెండు చోట్లా సమానం కావాలి. s² దగ్గర a = 120, అంటే k3 = 14. s దగ్గర −900 − 100k2 = 5400, అంటే k2 = −63. చివరి పదంలో −108000 − 100k1 = 108000, అంటే k1 = −2160. మూడు తెలియని సంఖ్యలు, మూడు సమీకరణాలు, ఒకే ఒక్క జవాబు. పద్ధతి మొత్తం ఇంతే. పెద్ద వ్యవస్థలకు చేత్తో ఈ లెక్క విసుగు పుట్టిస్తుంది, అప్పుడు 1972లో జర్మన్ ఇంజనీరు యూర్గెన్ ఆకర్‌మన్ ఇచ్చిన సూత్రం పనికొస్తుంది. మూడో తరగతి దాకా మాత్రం గుణకాలను పోల్చడమే మేలు. ఏ గెయిన్ ఏ పదాన్ని కదుపుతోందో కంటికి కనిపిస్తుంది.

వచ్చిన జవాబుకు అర్థం ఉందో లేదో కూడా చూసుకోవాలి. v లో x ముందు +2160 నిలుస్తుంది, అంటే గుండు ఒక మిల్లీమీటరు జారితే 2.16 వోల్టులు పెరుగుతుంది. జారే గుండును పైకి లాగాలి కాబట్టి ఆ గుర్తు సరైనదే. కంప్యూటర్‌లో సరిచూడటానికి నాలుగైదు పంక్తులు చాలు:

```python
import numpy as np
A = np.array([[0,1,0],[900,0,-20],[0,0,-50]])
B = np.array([[0],[0],[5]])
K = np.array([[-2160,-63,14]])
print(np.linalg.eigvals(A - B @ K))
```

వచ్చే సంఖ్యలు −60, −30 + 30j, −30 − 30j. వరుస మారవచ్చు, చివరి దశాంశాల్లో చిన్న తేడా ఉండవచ్చు. గుర్తు పొరపాటు ఏదైనా జరిగి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

s² ముందున్న గుణకాన్ని ఇంకాస్త నిదానంగా చూడటం మంచిది. అది మూడు ధ్రువాల మొత్తానికి గుర్తు మార్చిన విలువ. అందులో k3 తప్ప వేరే గెయిన్ లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి కరెంటు కొలిచే సెన్సర్ తీసేశారనుకుందాం. అప్పుడు k3 సున్నా, ధ్రువాల మొత్తం −50 దగ్గర బిగుసుకుపోతుంది. రెండు ధ్రువాలను −30 ± 30j దగ్గర పెట్టారంటే మూడోది +10 కి వెళ్లి కూర్చుంటుంది, గుండు పడిపోతుంది. మూడు ధ్రువాలనూ కోరిన చోట పెట్టాలంటే మూడు స్థితులూ తెలియాలని చెప్పే మాటకు అసలు అర్థం ఇదే. కొలవలేని దాన్ని లెక్కగట్టి అందించే అబ్జర్వర్‌ను ఈ అవసరం కోసమే జోడిస్తారు.

ఇంకో రకం చిక్కు కూడా ఉంది. కరెంటు గుండును లాగకపోతే, అంటే రెండో సమీకరణంలో 20 స్థానంలో సున్నా ఉంటే, బహుపదిలో k1, k2 లు కనిపించకుండా పోతాయి. +30 ధ్రువం ఏ గెయిన్‌కూ లొంగకుండా అక్కడే ఉంటుంది. ఇలా కావడాన్ని వ్యవస్థ కంట్రోలబుల్ కాదు అంటారు. గుణకాలను పోల్చేటప్పుడు తెలియని సంఖ్య మాయమై, సమీకరణం రెండువైపులా పొసగకపోతే అది లెక్కలో తప్పు కాకపోవచ్చు, యంత్రంలోనే ఉన్న లోపం కావచ్చు. కంట్రోలబుల్ అయిన వ్యవస్థకు ధ్రువాలను ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టవచ్చు, కాని వ్యవస్థకు పెట్టలేం. ఇన్‌పుట్‌లు ఎన్ని ఉన్నా ఇది నిజమని 1967లో డబ్ల్యు.ఎం. వోనమ్ నిరూపించాడు.

అయితే ఎక్కడైనా పెట్టవచ్చన్నది కాగితం మీది హామీ. గుండు నాలుగింతలు త్వరగా కుదురుకోవాలని ధ్రువాలను −120 ± 120j, −240 కి జరిపితే, పై లెక్కే మళ్లీ చేసినప్పుడు k1 విలువ −73440 వస్తుంది. ఒక మిల్లీమీటరు జారితే 73 వోల్టులు పెంచాలన్నమాట. సరఫరా 24 వోల్టులే అయితే, ముందే వాడుకుంటున్న 9.81 పోగా మిగిలేది 14 పైచిలుకు. ఆగి ఉన్న గుండు 0.2 మిల్లీమీటర్లు జారేసరికే అది అయిపోతుంది. అక్కణ్నుంచి సమీకరణాలు చెప్పినట్టు గుండు నడవదు. మొదటి డిజైన్‌లో ఇదే హద్దు 6.6 మిల్లీమీటర్లు. పైగా వేగాన్ని సాధారణంగా స్థానం కొలతల తేడాల నుంచే రాబడతారు కాబట్టి అందులో సెన్సర్ రొద ఎక్కువ. పెద్ద k2 ఆ రొదను కూడా హెచ్చించి కాయిల్‌కు పంపుతుంది. గుండు నిలిచి ఉన్నా కాయిల్ గుయ్యిమంటుంటే ధ్రువాలను మరీ దూరం జరిపారని అనుమానించాలి.

చివరిగా, వేడెక్కడం. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది. కాయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే 10 ఓములు సుమారు 12 అవుతాయి. అప్పుడు బహుపదిలో 120 స్థానంలో 130, 108000 స్థానంలో 99000 వస్తాయి. మూలాలన్నీ రుణ పక్షంలోనే ఉంటాయి, గుండు పడదు. కానీ 9.81 వోల్టులు ఇక సరిపోవు. ఆ లోటును ఫీడ్‌బ్యాక్ పూడ్చాలంటే ఎంతోకొంత తేడా ఉండాలి. లెక్కగడితే గుండు దాదాపు 2 మిల్లీమీటర్లు దిగి అక్కడ నిలుస్తుంది. ధ్రువాలు గుండు ఎలా కుదురుకుంటుందో చెబుతాయే గానీ ఎక్కడ కుదురుకుంటుందో చెప్పవు. ఆ 2 మిల్లీమీటర్లు పోవాలంటే స్థానంలోని తేడాను కూడబెట్టే ఇంటిగ్రేటర్ ఒకటి చేర్చాలి. అప్పుడు వ్యవస్థ నాలుగో తరగతిది అవుతుంది, పోల్చాల్సిన గుణకాలూ నాలుగవుతాయి.