ఒక్క తప్పు వరుసకు పనంతా ఆగాలా?

బ్యాంకు శాఖల నుంచి రాత్రి లక్ష లావాదేవీల ఫైలు వచ్చిందనుకుందాం. ఒక వరుసలో తేదీ 31-02-2024 అని ఉంది. లేని తేదీని డేటాబేస్ ఒప్పుకోదు. మొత్తాన్నీ ఒకే విడతగా ఎక్కిస్తుంటే మిగిలిన 99,999 కూడా వెనక్కి పోతాయి.

అందుకే ఫైలును ముందు అన్నీ టెక్స్ట్ కాలమ్‌లే ఉన్న స్టేజింగ్ టేబుల్‌లోకి దించి తనిఖీ చేస్తారు. తప్పినవి క్వారంటైన్ టేబుల్‌కు వెళ్తాయి. అక్కడ వరుసను వచ్చినది వచ్చినట్టే, ఫైలు పేరు, వరుస సంఖ్య, తిరస్కరించిన కారణంతో సహా ఉంచాలి. దిద్దిన వరుస మళ్లీ అదే తనిఖీ దాటాలి.

నా భయమల్లా ఎవరూ తెరిచి చూడని క్వారంటైన్ గురించే. ఎక్కినవి, ఆగినవి కలిపి రోజూ లక్షకు లెక్క సరిపోవాలి. ఆగినవి హఠాత్తుగా వేలల్లోకి పెరిగితే బహుశా కాలమ్‌ల క్రమమే మారి ఉంటుంది. అప్పుడు మాత్రం పని మొత్తం ఆపేయడమే సరైనది.