ఒకే అప్పు, ఆరు ఎంక్వైరీలు

కారు షోరూంలో ఫైనాన్స్ డెస్కు దగ్గరి కుర్రాడు పాన్ నంబరు, ఆధార్, మూడు నెలల పే స్లిప్పులు తీసుకుని "ఓటీపీ వస్తుంది సార్, చెప్పండి" అంటాడు. చెప్పేస్తాం. ఆ కాగితాలు ఒక్క బ్యాంకుకే వెళ్లాయో, నాలుగింటికి వెళ్లాయో మనం అడగం, అతను చెప్పడు. నాలుగింటికి పంపి, ఎవరు ముందు ఓకే అంటే వాళ్ల లోన్ కట్టబెట్టడం అతనికి సులువు. మనం కొన్నది ఒక్క కారే. క్రెడిట్ రిపోర్టులో మాత్రం నాలుగు ఎంక్వైరీలు పడి ఉంటాయి.

లోన్ కోసమో, క్రెడిట్ కార్డు కోసమో మనం దరఖాస్తు పెట్టుకుంటే, ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ సంస్థ బ్యూరో నుంచి మన రిపోర్టు తెప్పించుకుంటుంది. దాన్నే హార్డ్ ఎంక్వైరీ అంటారు. మన దేశంలో ఈ రిపోర్టులు ఇచ్చే బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. హార్డ్ ఎంక్వైరీ జరిగిన ప్రతిసారీ ఆ సంస్థ పేరు, తేదీ, ఏ రకం లోన్, ఎంత మొత్తం అన్నది రిపోర్టులో ఒక వరుసగా చేరుతుంది. తర్వాత రిపోర్టు తెరిచే ప్రతి బ్యాంకుకూ ఆ వరుస కనిపిస్తుంది.

సాఫ్ట్ ఎంక్వైరీ అలా కాదు. మన స్కోరు మనమే చూసుకున్నా, ఇప్పటికే ఖాతా ఉన్న బ్యాంకు ముందస్తు ఆఫర్ ఇవ్వడానికి లోపల్లోపల సరిచూసుకున్నా అది సాఫ్ట్ కిందికే వస్తుంది. స్కోరు మీద దాని ప్రభావం సున్నా. స్కోరు చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఆ భయంతో రిపోర్టు తెరవనివాళ్లే, చేయని ఎంక్వైరీలు, తీసుకోని లోన్లు తమ పేరు మీద ఉన్నా తెలుసుకోలేరు.

మరి హార్డ్ ఎంక్వైరీ వల్ల ఎంత తగ్గుతుంది? ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని ఇక్కడి బ్యూరోలు లెక్క బయటపెట్టవు. అమెరికాలో స్కోర్లు తయారుచేసే ఫైకో సంస్థ మాత్రం, చాలామందికి ఒక ఎంక్వైరీ వల్ల ఐదు పాయింట్లలోపే తగ్గుతుందని చెబుతుంది. ఏళ్ల తరబడి వాయిదాలు సక్రమంగా కట్టినవాళ్లకు అది లెక్కలోకి రాదు. ఒకే ఒక్క కార్డు, అదీ ఆరు నెలల పాతది ఉన్నవాళ్లకు మాత్రం కాస్త గట్టిగానే తగులుతుంది, ఎందుకంటే వాళ్ల గురించి చెప్పడానికి రిపోర్టులో వేరే చరిత్రే లేదు. మన దగ్గర 300 నుంచి 900 మధ్య నడిచే స్కోరును ఎక్కువగా శాసించేది వాయిదాల చెల్లింపు. ఒక్క వాయిదా ఎగ్గొట్టినదానితో పోలిస్తే ఒక్క ఎంక్వైరీ చాలా చిన్న విషయం.

అసలు నష్టం పాయింట్లలో కాదు, ఆ వరుసల్లో ఉందని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో నెలకు 45 వేల జీతమున్న ఒకాయనకు చెల్లెలి పెళ్లికి 3 లక్షల పర్సనల్ లోన్ కావాలి. సోమవారం ఒక యాప్‌లో దరఖాస్తు పెట్టాడు. జవాబు రాలేదని మంగళవారం ఇంకో యాప్‌లో పెట్టాడు. బుధవారం ఒక ఏజెంటు ఫోన్ చేస్తే కాగితాలన్నీ వాట్సాప్ చేశాడు, అతను మూడు ఫైనాన్స్ కంపెనీలకు పంపాడు. ఇవన్నీ అయ్యాక శనివారం, జీతం పడే బ్యాంకుకు వెళ్లాడు.

ఆ బ్యాంకు అధికారి తెర మీద ఏం కనిపిస్తుంది? ఆరు రోజుల్లో ఐదు ఎంక్వైరీలు, అన్నీ పర్సనల్ లోన్, ఒక్కొక్కటీ 3 లక్షలు. ఈయనకు కావాల్సింది మొత్తం 3 లక్షలేనని ఆ వరుసలు చెప్పవు. 15 లక్షలు అడిగినట్టు కనిపిస్తుంది. ఇచ్చారా, తిప్పి పంపారా అన్నదీ వాటిలో ఉండదు. ఇచ్చి ఉంటే కొత్త ఖాతాగా రిపోర్టులోకి ఎక్కాలి, కానీ దానికి కొన్ని రోజులు పడుతుంది. బ్యాంకులు బ్యూరోలకు వివరాలు కనీసం పదిహేను రోజులకోసారి పంపాలన్న నిబంధన 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నెలకోసారే. అంటే ఈ మధ్యలో ఆయన నిజంగా రెండు లోన్లు తీసేసుకున్నా అధికారికి ఇంకా కనబడకపోవచ్చు. ఊళ్లో ఒకే వారంలో ఐదుగురి దగ్గర చేబదులు అడిగిన మనిషి ఆరో ఇంటి తలుపు తడితే ఆ ఇంటాయన ఎలా ఆలోచిస్తాడో, బ్యాంకూ అలాగే ఆలోచిస్తుంది. అందుకే చాలా సంస్థలు ఇటీవలి ఎంక్వైరీలు ఇన్నింటికి మించితే పక్కన పెట్టాలని తమ సొంత నియమం పెట్టుకుంటాయి. స్కోరు 750 దాటి ఉన్నా దరఖాస్తు అక్కడ ఆగిపోవచ్చు. "స్కోరు బాగానే ఉంది, ఎందుకు రిజెక్ట్ చేశారు?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. కారణం తెలియక ఆయన ఏడో చోట పెడతాడు, ఇంకో వరుస చేరుతుంది.

ఇక్కడ అమెరికా వీడియోలు చూసి కొందరు పొరబడుతున్నారు. అక్కడ ఇల్లు, కారు, చదువు లోన్ల విషయంలో ఫైకో కొత్త స్కోర్లు 45 రోజుల్లోపు వచ్చిన ఒకే రకం ఎంక్వైరీలన్నింటినీ ఒక్కటిగా లెక్కేస్తాయి, వడ్డీ పోల్చుకునేవాళ్లకు శిక్ష పడకూడదని. క్రెడిట్ కార్డులకు అక్కడా ఆ వెసులుబాటు లేదు. డల్లాస్‌లో ఇల్లు కొంటున్న బంధువు చెప్పిన సలహా అక్కడికి సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్‌లో హోం లోన్‌కు దాన్ని నమ్ముకుని ఐదు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి.

పోల్చుకోవడం మానమని కాదు. వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు అడగడానికి పాన్ ఇవ్వాల్సిన పని లేదు. జీతం, ఇప్పుడు కడుతున్న ఈఎంఐలు, సుమారు స్కోరు నోటితో చెబితే అంచనా రేటు చెబుతారు. వాటిలోంచి ఒకటి రెండు ఎంచుకుని, జీతం పడే బ్యాంకుతో మొదలుపెట్టి, జవాబు వచ్చాకే తర్వాతిదానికి వెళ్లడం మేలు. షోరూంలో అయితే ఏ సంస్థకు పంపుతున్నారో ముందే అడిగి, ఆ ఒక్కదానికే పంపమని మెసేజ్ పెట్టించుకోండి. యాప్‌లో "అర్హత చూసుకోండి" అన్న బటన్ కింద సన్నటి అక్షరాల్లో ఉండే అనుమతి చదవండి. ఒకే టిక్కుతో "మా భాగస్వామ్య సంస్థలన్నింటికీ" అనుమతి ఇచ్చేస్తున్నామంటే, ఎన్ని ఎంక్వైరీలు పడతాయో మన చేతిలో ఉండదు. భార్యాభర్తలు కలిసి హోం లోన్‌కు పెడితే ఎంక్వైరీ ఇద్దరి రిపోర్టుల్లోనూ పడుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

పైన చెప్పిన వరంగల్ మనిషి ఇప్పుడు చేయగలిగింది ఆగడమే. ఎంక్వైరీ పాతబడేకొద్దీ దాని బరువు తగ్గుతుంది. కొన్ని నెలలు కొత్త దరఖాస్తులేవీ లేకుండా, ఉన్న వాయిదాలు తేదీకి కడుతూ పోతే తర్వాతి అధికారికి ఆ గుంపు పాత కథలా కనిపిస్తుంది. పెళ్లి ఆగదు కాబట్టి ఈలోపు బంగారం మీద అప్పు లాంటి తాకట్టు దారి చూసుకోవాలి. తాకట్టు లేని అప్పుల దగ్గరే ఈ పట్టింపు ఎక్కువ.

మనం అడగని ఎంక్వైరీ కనిపిస్తే సంగతి వేరు. సంస్థలు మన రిపోర్టు చూసినప్పుడు బ్యూరో నుంచి ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం. కాబట్టి బ్యూరోలో నమోదైన నంబరు పాతది కాకుండా చూసుకోవాలి. నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెలియని వరుస కనబడితే బ్యూరో వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి, అదే సంస్థకు కూడా రాయండి, ఎందుకంటే ఆ సంస్థ ఒప్పుకోకుండా బ్యూరో దాన్ని తీసేయలేదు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగొచ్చు. మనమే ఓటీపీ చెప్పి చేయించిన ఎంక్వైరీని మాత్రం ఎవరూ చెరపలేరు. డబ్బు తీసుకుని చెరిపిస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి.