ఫొటోలో వృత్తం లెక్క: ప్రతి మెట్టుకూ ఒక కారణం

పుస్తకంలోని వృత్తం లెక్కను ఫోనుతో ఫొటో తీసినప్పుడు చిత్రంలోని సంగతులన్నీ ఒకేలా నిలవవు. ఫోను కాస్త వాలుగా ఉంటే వృత్తం దీర్ఘవృత్తంలా సాగుతుంది, లంబకోణం 80 డిగ్రీల్లాగో 100 డిగ్రీల్లాగో కనిపిస్తుంది, సమానమైన రెండు గీతల్లో ఒకటి పొడవుగా, మరొకటి పొట్టిగా అగుపిస్తుంది. కానీ కాగితం చదునుగా ఉన్నంతవరకు సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది, వృత్తాన్ని తాకే గీత తాకుతూనే ఉంటుంది. కాబట్టి ఏ బిందువు దేని మీద ఉంది, ఏ గీత దేన్ని తాకుతోంది అన్నవి ఫొటోలో చూసి గ్రహించవచ్చు. కోణాలు, పొడవులు మాత్రం కంటితో గానీ కోణమానినితో గానీ తేల్చకూడదు. వాటిని రాసి ఉన్న దత్తాంశం నుంచి, సిద్ధాంతాల నుంచి రాబట్టాలి.

ఇలాంటి ఒక లెక్కను తీసుకుందాం. O కేంద్రంగా ఒక వృత్తం ఉంది. వృత్తం బయట ఉన్న P అనే బిందువు నుంచి PA, PB అనే స్పర్శరేఖలు గీశారు. అవి వృత్తాన్ని A, B ల దగ్గర తాకుతాయి. C అనే బిందువు అధిక చాపం మీద ఉంది. ∠APB = 50°, ∠OBC = 28°. ∠ACB, ∠OAC విలువలు కనుక్కోవాలి.

లెక్క మొదలుపెట్టే ముందు దత్తాంశాన్ని నోటుపుస్తకంలో రాసుకుని చిత్రాన్ని మళ్లీ గీసుకోవాలి. ఫొటోలో C, O, P మూడూ ఒకే గీత మీద ఉన్నట్టు కనిపించవచ్చు. కానీ ప్రశ్నలో ఆ మాట లేదు కాబట్టి దాన్ని వాడకూడదు. నిజంగా అవి ఒకే రేఖ మీద ఉంటే చిత్రం ఆ రేఖకు రెండు వైపులా సమానంగా విడిపోయి, ∠OBC 32.5° కావాలి. ఇచ్చింది 28°. కంటికి తోచినదాన్ని నమ్మితే దత్తాంశంతోనే తగవు వస్తుందన్నమాట. అలాగే 'అధిక చాపం' అన్న మాటనూ వదిలేయకూడదు. C అల్ప చాపం మీద ఉండి ఉంటే ∠ACB 115° అయ్యేది.

ఇక ఉపపత్తి.

సోపానం 1. PA = PB.
కారణం: బాహ్య బిందువు నుంచి వృత్తానికి గీసిన స్పర్శరేఖల పొడవులు సమానం.

సోపానం 2. ∠PAB = ∠PBA = 65°.
కారణం: త్రిభుజం PAB లో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం, మూడు కోణాల మొత్తం 180°. (180 − 50) ÷ 2 = 65.

సోపానం 3. ∠ACB = ∠PAB = 65°.
కారణం: స్పర్శ బిందువు దగ్గర స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య ఉన్న కోణం, ఏకాంతర వృత్తఖండంలో ఆ జ్యా చేసే కోణానికి సమానం.

సోపానం 4. ∠OAP = ∠OBP = 90°; అందువల్ల ∠OAB = ∠OBA = 25°.
కారణం: స్పర్శ బిందువు దగ్గర వ్యాసార్థం స్పర్శరేఖకు లంబం. 90 − 65 = 25.

సోపానం 5. ∠ABC = 25° + 28° = 53°.
కారణం: BA, BC ల మధ్యలో BO ఉంది.

సోపానం 6. ∠CAB = 180° − 65° − 53° = 62°.
కారణం: త్రిభుజం ABC లో కోణాల మొత్తం 180°.

సోపానం 7. ∠OAC = 62° − 25° = 37°.
కారణం: AB, AC ల మధ్యలో AO ఉంది.

ఇందులో ఎక్కువమంది తడబడేది మూడో సోపానం దగ్గర. స్పర్శరేఖ పక్కనున్న 65 డిగ్రీలను త్రిభుజంలో ఏ కోణానికి ఇవ్వాలన్నదే చిక్కు. దాన్ని ∠ABC కి ఇస్తే జవాబు తప్పుతుంది. గుర్తుపట్టే పద్ధతి తేలికే. స్పర్శరేఖతో కలిసి కోణం చేస్తున్న జ్యా AB. కాబట్టి వెతకాల్సిన కోణపు భుజాలు A, B ల దగ్గరే ముగియాలి, దాని శీర్షం AB కి P లేని వైపున వృత్తం మీద ఉండాలి. అది C. ∠ABC భుజాలు A, C ల దగ్గర ముగుస్తాయి కాబట్టి దానికి సంబంధించిన జ్యా AC. PA ను A దాటి T వరకు పొడిగిస్తే, ∠ABC కి సమానమయ్యేది ∠TAC. సరళరేఖ మీది కోణాల ప్రకారం ∠TAC = 180° − 65° − 62° = 53°. ఐదో సోపానంలో వచ్చిన విలువతో ఇది సరిపోయింది.

యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మూడో పుస్తకంలో ఈ సిద్ధాంతం 32వ ప్రతిపాదన. తరగతిలో ఇంకా చెప్పకపోయినా లెక్క ఆగదు. నాలుగో సోపానంలోని కారణంతో చతుర్భుజం OAPB లో రెండు లంబకోణాలు ఉన్నాయని తెలుస్తుంది. నాలుగు కోణాల మొత్తం 360° కాబట్టి ∠AOB = 130°. ఒక చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, మిగిలిన వృత్తం మీద చేసే కోణానికి రెట్టింపు కాబట్టి ∠ACB = 65°. సిద్ధాంతం నిజమవడానికి కారణం కూడా ఇందులోనే దాగి ఉంది.

ఐదో సోపానంలోని కారణం చిత్రం చూసి రాసినట్టు అనిపించినా, దానికీ ఆధారం ఉంది. ∠OBA 25°, ∠OBC 28°. BO కి A ఉన్న వైపునే BC కూడా ఉంటే, 28 అనేది 25 కన్నా పెద్దది కాబట్టి BC, BA ని దాటి P వైపుకు పోతుంది. అప్పుడు C అల్ప చాపం మీద పడుతుంది, దత్తాంశానికి విరుద్ధం. కాబట్టి BO మధ్యలోనే ఉండాలి. ఏడో సోపానానికీ ఇదే ఆధారం: BO మధ్యలో ఉండి, ∠ACB లఘుకోణం, ∠OBC 65° కన్నా తక్కువ కావడం వల్ల O త్రిభుజం లోపలే ఉంది.

జవాబు సరిచూడటానికి OC ని కలపాలి. OB, OC వ్యాసార్థాలు, అందువల్ల ∠OCB = 28°. OA, OC కూడా వ్యాసార్థాలే, అందువల్ల ∠OCA = 37°. రెండూ కలిపితే 65°, మూడో సోపానంలో వచ్చిన ∠ACB.

ఈ సరిచూపుకు ఒక హద్దు ఉంది. మసక ఫొటోలో 28 ని 23 గా చదివితే ఏమవుతుందో చూస్తే అది తెలుస్తుంది. తప్పు చదివినవారు సోపానాలన్నీ అలాగే నడిపితే ∠OAC 42° వస్తుంది, 23, 42 కలిస్తే మళ్లీ 65 వస్తుంది. అంటే కూడికలో, తీసివేతలో జారిన తప్పును ఇది పట్టిస్తుంది గానీ, దత్తాంశాన్ని తప్పు చదివిన సంగతిని పట్టించదు. దానికి ఉపాయం చిత్రంలోని అంకెను ప్రశ్న వాక్యంలోని అంకెతో పోల్చుకోవడమే. రెండూ పొసగకపోతే లెక్క ముందుకు నడపకుండా పేజీని మళ్లీ ఫొటో తీయాలి.

కారణాలు రాసేటప్పుడు సిద్ధాంతం ఏమి చెబుతుందో, అది ఏ త్రిభుజంలో లేదా ఏ జ్యాకు వర్తించిందో రెండూ కనిపించాలి. 'స్పర్శరేఖ ధర్మం' అని మాత్రమే రాస్తే అది పొడవుల సమానత్వమో, లంబకోణమో, ఏకాంతర వృత్తఖండమో చదివేవారికి తెలియదు. ప్రతి సోపానంలో వాడిన విలువ దత్తాంశంలోనైనా, పై సోపానాల్లోనైనా దొరకాలి. ఎక్కడా దొరకని విలువ ఏదైనా ఉంటే అది ఫొటో చూసి ఊహించింది అయివుంటుంది.