మైనస్ ఏడులో సగం

ఏడుని రెండుతో భాగిస్తే మూడున్నర. జవాబు పూర్ణాంకంలోనే కావాలంటే పైథాన్, జావా, సీ మూడూ అరను వదిలేసి 3 అంటాయి. అంతవరకు పేచీ లేదు. మైనస్ ఏడు దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. పైథాన్‌లో `-7 // 2` అని కొడితే -4 వస్తుంది. జావాలోనూ సీలోనూ `-7 / 2` అంటే -3.

ఇందులో ఎవరిదీ తప్పు కాదు. అసలు జవాబు -3.5. గోడకి నిలువుగా తగిలించిన థర్మామీటర్ మీద దాన్ని ఊహించుకోండి. పైథాన్ ఎప్పుడూ కింది గీతకే దిగుతుంది: 3.5 నుంచి 3కి, -3.5 నుంచి -4కి. దీన్ని ఫ్లోర్ డివిజన్ అంటారు. జావా మాత్రం సున్నా ఎటుందో చూసుకుని అటు జరుగుతుంది: 3.5 నుంచి కిందకి 3, -3.5 నుంచి పైకి -3. చుక్క తర్వాతి భాగాన్ని కత్తిరించి పారేయడమే కాబట్టి దీని పేరు ట్రంకేషన్. సున్నాకి పైన రెండు పద్ధతులూ ఒకే జవాబిస్తాయి. అందుకే ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాసినవాళ్లకు కూడా ఈ తేడా ఎదురుపడకపోవచ్చు. ఎదురుపడే చోట్లలో బాగా చిక్కుపెట్టేది బైనరీ సెర్చ్.

ఒక చిన్న లెక్క తీసుకుందాం. -10 నుంచి 10 దాకా ఉన్న పూర్ణాంకాల్లో, ఘనం -50కి తగ్గకుండా ఉండే అతి చిన్న సంఖ్య ఏది? -4 ఘనం -64, అది చాలదు. -3 ఘనం -27, అది సరిపోతుంది. కాబట్టి జవాబు -3. కంప్యూటర్ దీన్ని ఒక్కొక్క సంఖ్యా పరీక్షిస్తూ కాకుండా, ప్రతిసారీ మధ్య సంఖ్యను చూసి, అక్కర్లేని సగాన్ని కొట్టేస్తూ వెతుకుతుంది. పైథాన్‌లో అది ఇలా ఉంటుంది:

```python
lo, hi = -10, 10
while lo < hi:
    mid = (lo + hi) // 2
    if mid**3 >= -50:
        hi = mid
    else:
        lo = mid + 1
```

`lo` అంటే కింది హద్దు, `hi` అంటే పై హద్దు. మధ్య సంఖ్య సరిపోతే పై హద్దు అక్కడికి దిగుతుంది. అంతకన్నా చిన్నది దొరకవచ్చు కాబట్టి ఆ సంఖ్యను పోగొట్టుకోకూడదు. సరిపోకపోతే కింది హద్దు దాన్ని దాటి ఒక మెట్టు పైకి వెళుతుంది. రెండు హద్దులూ కలిసిన చోటే జవాబు.

నడిపి చూద్దాం. -10, 10ల మధ్య 0. సున్నా సరిపోతుంది, `hi` 0 అయింది. -10, 0ల మధ్య -5. దాని ఘనం -125, చాలదు. `lo` -4కి వచ్చింది. -4, 0ల మధ్య -2 సరిపోతుంది. -4, -2ల మధ్య -3, అదీ సరిపోతుంది. ఇప్పుడు `lo` -4, `hi` -3. కూడితే -7. పైథాన్ దాన్ని సగం చేసి -4 అంటుంది. -4 చాలదు కాబట్టి `lo` -3కి జరుగుతుంది, హద్దులు కలుస్తాయి, పని అయిపోతుంది. మొత్తం ఐదు అడుగులు.

ఇదే ప్రోగ్రామ్‌ని జావాలోకి మార్చినప్పుడు ఆ ఒక్క వరుస ఇలా అవుతుంది:

```java
int mid = (lo + hi) / 2;
```

మొదటి నాలుగు అడుగుల్లో తేడా ఏమీ రాదు. ఆ మొత్తాలన్నీ సరి సంఖ్యలు, శేషం మిగలదు. ఐదో అడుగులో -7లో సగం -3 అవుతుంది. అది `hi`నే. -3 సరిపోతుంది కాబట్టి `hi`ని -3 చేయమంటుంది ప్రోగ్రామ్. అది ముందే -3. మళ్లీ మధ్య సంఖ్య, మళ్లీ -3. ఇక దీనికి అంతు లేదు.

తప్పు జవాబు రాదు, ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ ఊరికే తిరుగుతూ ప్రాసెసర్‌లో ఒక కోర్‌ని పూర్తిగా తినేస్తుంది. కోడింగ్ పోటీలో అయితే టైమ్ లిమిట్ దాటిందన్న మాటే కనిపిస్తుంది. అది చూసినవాళ్లు పద్ధతి నెమ్మదిగా ఉందనుకుని, అసలు రోగం వదిలేసి వేగం పెంచే పనిలో పడతారు. బైనరీ సెర్చ్ నెమ్మదించడం అంటూ సాధారణంగా ఉండదు. వంద కోట్ల సంఖ్యల్లో వెతకడానికి ముప్పై అడుగులు చాలు. లూప్ లోపల `lo`, `hi` విలువలు ప్రింట్ చేయిస్తే సంగతి క్షణంలో తేలిపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యలు, పైది సున్నా గానీ మైనస్ గానీ, అదే వరుస పదేపదే వస్తుంటే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

పరీక్షల్లో ఇది ఎందుకు దొరకదో కూడా చూడాలి. -50 బదులు 50 ఇస్తే రెండు భాషల్లోనూ 4 అని బుద్ధిగా జవాబు వస్తుంది. సరే, మైనస్ సంఖ్య కూడా ఒకటి చూద్దామని -20 ఇచ్చారనుకోండి. 0, -5, -2, -3 మీదుగా రెండు భాషలూ -2 దగ్గర ఆగుతాయి. చివర్లో హద్దుల మధ్య రెండు మెట్ల దూరం ఉండగానే కింది సగం మొత్తం కొట్టుకుపోవడంతో, పక్కపక్క సంఖ్యల గండం అసలు రాలేదు. అలా మైనస్ పరీక్ష కూడా పాసైపోతుంది. సున్నా ఇస్తే మాత్రం `lo` -1, `hi` 0 దగ్గర జావా ఆగిపోతుంది. సున్నాని పరీక్షించాలని ఎవరికి తోస్తుంది?

లోతుగా చూస్తే, మధ్య సంఖ్యకు సున్నా ఎక్కడుందో తెలియాల్సిన అవసరమే లేదు. 6, 7ల మధ్య కింది సంఖ్యను ఎంచుకునే పద్ధతి, రెండిటినీ పది మెట్లు కిందకి జరిపి -4, -3 చేసినా కింది సంఖ్యనే ఎంచుకోవాలి. ఫ్లోర్‌లో అలాగే జరుగుతుంది. ట్రంకేషన్‌లో సున్నా దాటగానే ఎంపిక తారుమారవుతుంది. పైన రాసిన లూప్ నిలబడిందే మధ్య సంఖ్య `hi` కంటే కచ్చితంగా తక్కువ ఉంటుందన్న నమ్మకం మీద. పైథాన్‌లో ఆ నమ్మకాన్ని `//` ఎవరూ అడక్కుండానే నిలబెడుతుంది. ఆ సంగతి కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు, అందుకే భాష మార్చేవాళ్లు దాన్ని మోసుకెళ్లడం మర్చిపోతారు.

మరి భాషలు ఇలా ఎందుకు విడిపోయాయి? ట్రంకేషన్ ఫోర్‌ట్రాన్ కాలం నుంచి ఉన్న అలవాటు. 1989 నాటి సీ ప్రమాణం మైనస్ సంఖ్యల విషయాన్ని కంపైలర్ల ఇష్టానికే వదిలేసింది. 1999 ప్రమాణం సున్నా వైపే జరగాలని తేల్చింది. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ మరో దారి పట్టడానికి కారణం శేషం. భాగఫలం కిందకి దిగితే, పాజిటివ్ సంఖ్యతో భాగించినప్పుడు శేషం ఎప్పుడూ మైనస్ కాదు. కంప్యూటర్లు 1970 జనవరి 1 మొదలు సెకన్లు లెక్కపెడతాయి కదా, దానికి ఒక సెకను ముందు గడియారం ఎంత చూపాలి? పైథాన్‌లో `-1 % 86400` అంటే 86399, అంటే రాత్రి 11:59:59. జావాలో అదే లెక్క -1 ఇస్తుంది. అలాంటి వేళ ఏ గడియారంలోనూ లేదు. నా ఓటు పైథాన్‌కే.

ఇక మరమ్మతు. అందరూ మొదట చెప్పేది `lo + (hi - lo) / 2`. `hi - lo` ఎప్పుడూ మైనస్ కాదు కాబట్టి రెండు రకాల భాగహారాలూ ఒకటే అవుతాయి, మధ్య సంఖ్య కింది వైపుకే వస్తుంది. ఈ సూత్రానికి పేరు వచ్చింది మాత్రం వేరే కారణంతో. 2006లో గూగుల్‌లో ఉన్న జాషువా బ్లాక్, జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో దాదాపు తొమ్మిదేళ్లుగా దాక్కున్న తప్పు గురించి రాశాడు. చాలా పెద్ద పట్టికల్లో `lo + hi` 32 బిట్ల హద్దు దాటి మైనస్‌గా మారిపోతుందన్నదే ఆ తప్పు. దానికి ఆయన సూచించిన మందుల్లో ఇదొకటి.

ఆ మందు పట్టికల కోసం తయారైంది. పట్టికలో స్థానాలు సున్నా నుంచి మొదలవుతాయి, మైనస్ ఉండదు. మన లెక్కలో హద్దులు -200 కోట్ల నుంచి 200 కోట్ల దాకా ఉన్నాయనుకోండి. ఇప్పుడు కూడితే సున్నా, ఏ ఇబ్బందీ లేదు. తీసివేస్తేనే 400 కోట్లై హద్దు దాటిపోతుంది. సున్నా రావాల్సిన చోట `lo + (hi - lo) / 2` జావాలో -2147483648 ఇస్తుంది. బ్లాక్ చెప్పిన మరో మందు `(lo + hi) >>> 1` ఇక్కడ ఇంకా ఘోరం. అది మైనస్ గుర్తును కూడా మామూలు అంకెలాగే జరుపుతుంది కాబట్టి -7 ఇస్తే 2147483644 వస్తుంది. మూడు బాణాలకు బదులు రెండే ఉన్న `>>` అయితే -4 ఇస్తుంది. మైనస్ హద్దులున్న వెతుకులాటకి జావాలో `lo`, `hi`లను `long`గా పెట్టుకుని `Math.floorDiv(lo + hi, 2)` అనడం నాకు నచ్చిన దారి. 2014లో వచ్చిన జావా 8 నుంచి అది ఉంది. రాసినవాళ్ల ఉద్దేశమేమిటో పేరులోనే కనిపిస్తుంది.

ఉల్టా ప్రయాణంలోనూ ప్రమాదముంది. సరిపోయే అతి పెద్ద సంఖ్యను వెతికే లూప్‌లో, సరిపోతే `lo = mid` అని, లేకపోతే `hi = mid - 1` అని రాస్తారు. దీనికి మధ్య సంఖ్య పై వైపుకి రావాలి, అంటే `(lo + hi + 1) / 2` అని రాయాలి. ఆ ఒకటి కలపడం ఎవరైనా మర్చిపోయినా, హద్దులు రెండూ సున్నాకి కిందే ఉంటే జావా ట్రంకేషన్ పుణ్యాన పైకే జరిగి పని నడిచిపోతుంది. ఏళ్లుగా నడుస్తున్న ఆ కోడ్‌ని పైథాన్‌లోకి తెచ్చిన రోజున అది -4 దగ్గర ఇరుక్కుంటుంది, నింద పైథాన్ మీద పడుతుంది. పైథాన్‌లోనే `int((lo + hi) / 2)` అని రాసేవాళ్లూ ఉన్నారు. `int` కూడా సున్నా వైపే కత్తిరిస్తుంది కాబట్టి జావా జబ్బు అక్కడికీ వస్తుంది. పైగా `/` దశాంశ సంఖ్యను ఇస్తుంది. 9007199254740992 దాటాక అన్ని పూర్ణాంకాలూ అందులో ఇమడవు, అప్పుడు మధ్య సంఖ్య హద్దుల బయట కూడా పడవచ్చు.